నట్లు ఊడాయి, చక్రం ఊడలేదు

ప్రశ్న: ప్రాజెక్టు పని మీద ఎనిమిది నెలలు పుణెలో ఉన్నాను. కారు నిజాంపేటలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే ఉండిపోయింది. వచ్చి చూస్తే వెనక ఎడమ టైరులో గాలి లేదు. స్టెప్నీ వేద్దామని నాలుగు నట్లూ తీశాను, అలాయ్ వీల్ మాత్రం ఊడి రావట్లేదు. కాలితో గట్టిగా తన్నినా కదల్లేదు. పంక్చర్ షాపు అబ్బాయి సమ్మెటతో రిమ్ము మీద కొడతానంటే భయమేసి వద్దన్నాను. దీన్ని ఎలా తీయాలి?

జవాబు:

ముందు ఆ తీసిన నాలుగు నట్లనూ చేత్తో మళ్లీ ఎక్కించి, కారును జాకీ మీంచి కిందికి దింపండి. మిగతా మాటలు ఆ తర్వాత. పట్టేసిన చక్రం మెల్లగా ఊడదు. గంటసేపు ఉలుకూ పలుకూ లేకుండా ఉండి, ఒక్కసారిగా టప్పున వదులుతుంది. నట్లు లేకపోతే అది మీ కాళ్ల మీదికే వస్తుంది. ఆ కుదుపుకు కారు జాకీ మీంచి జారినా జారుతుంది. డిక్కీలో ఇచ్చే ఆ చిన్న జాకీ టైరు మార్చుకోవడానికే, తన్నులు తట్టుకోవడానికి కాదు. ఆ అబ్బాయిని ఆపి మంచి పని చేశారు. ఎందుకో కింద చెబుతాను.

అసలు పట్టుకున్నది ఎక్కడ అన్నది తెలిస్తే సగం పని అయినట్టే. చాలామంది నట్లు ఎక్కే మర కడ్డీలు, అంటే స్టడ్లు, పట్టేశాయనుకుంటారు. స్టడ్ల చుట్టూ రిమ్ములో సందు ఉంటుంది, అక్కడ పట్టుకోవడం తక్కువ. చక్రం నడిమధ్యలో కంపెనీ బొమ్మ ఉన్న ప్లాస్టిక్ మూత ఉంటుంది కదా, దాని వెనక గుండ్రటి బెజ్జం ఉంటుంది. చక్రాన్ని మోసే హబ్ నుంచి ముందుకు పొడుచుకొచ్చిన, చేతి గాజులాంటి అంచు ఆ బెజ్జంలోకి దూరి కూర్చుంటుంది. మన చిన్న కార్లలో చాలావాటికి ఈ బెజ్జం వ్యాసం 54 మిల్లీమీటర్ల చిల్లర. చక్రం సరిగ్గా మధ్యలో కూర్చోవాలి కాబట్టి ఆ రెండింటికీ మధ్య సందు దాదాపు ఉండదు. కొత్త కారులో అయితే చేత్తో లాగితే వచ్చేస్తుంది.

హబ్ ఇనుము, రిమ్ము అల్యూమినియం. ఈ రెండు లోహాలూ తాకి ఉన్నచోట నీటి చెమ్మ చేరితే చిన్న బ్యాటరీ తయారైనట్టే. అందులో అరిగేది అల్యూమినియం. అది తెల్లటి పొడిగా మారుతుంది. ఇనుము వైపు మామూలు ఎర్ర తుప్పు పడుతుంది. ఈ రెండూ అసలు లోహం కంటే ఎక్కువ చోటు తీసుకుంటాయి, చోటేమో లేదు. కాబట్టి ఆ గాజు చుట్టూ బిరడా కొట్టినట్టు బిగుసుకుంటాయి. రోజూ తిరిగే కారులో వేడికి చెమ్మ ఆరిపోతుంది. నిలబడ్డ కారులో ఆరే దారి లేదు.

సముద్రం లేని హైదరాబాద్‌లో ఇంతగా ఎందుకు పడుతుందని మీకు అనుమానం రావచ్చు. నేను చూసినంతలో మూడు కారణాలు. సెల్లార్‌లలో వానాకాలం మొదలు దసరా దాకా చెమ్మ దిగదు. బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ. మీరు ఊళ్లో లేకపోయినా వాచ్‌మన్ మాట ప్రకారం రెండు రోజులకోసారి బకెట్ నీళ్లు చక్రాల మీద కుమ్మరిస్తూనే ఉంటాడు. మూడోది ఎవరూ పట్టించుకోనిది. సెల్లార్ నేల మరకలు పోవడానికి బాత్రూమ్ ఆసిడ్ పోసి కడుగుతారు. ఆ పొగలోనూ చిందిన నీళ్లలోనూ ఉండే క్లోరైడ్ అల్యూమినియానికి గిట్టదు.

ఇక మీ చక్రం సంగతి. వెనక చక్రం కాబట్టి ఒక పరీక్ష ముందు చేయాలి. ఎనిమిది నెలలూ హ్యాండ్‌బ్రేక్ వేసే ఉంచారా? ఉంచి ఉంటే బ్రేకు డ్రమ్ లోపల ఒరుసుకుని చక్రాన్ని ఆపే లైనర్లు డ్రమ్‌కు అతుక్కుని ఉండొచ్చు. అది వేరే జబ్బు, కానీ రెండూ కలిసి రావచ్చు. నట్లు బిగించి, ముందు చక్రాలకు రెండు వైపులా ఇటుకలు పెట్టి, గేరులో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ దించి, వెనక ఎడమ వైపు జాకీతో లేపండి. చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి. తిరిగితే లైనర్లు బాగున్నాయి, సమస్య చక్రానికీ హబ్‌కూ మధ్యే. రాయిలా నిలబడితే లైనర్లు కూడా పట్టాయి. అప్పుడు కారు కిందికి దింపి, నట్లు పూర్తిగా బిగించి ఉండగానే, మొదటి గేరులో అరడుగు ముందుకు, రివర్స్‌లో అరడుగు వెనక్కి మెల్లగా లాగితే మామూలుగా టక్కుమని వదులుతాయి. నాలుగైదుసార్లకు వదలకపోతే ఇంజిన్‌ను ఇంకా రేజ్ చేయొద్దు. లైనరు ముక్క ఊడి డ్రమ్ లోపల ఇరుక్కుంటుంది. ఆ పని మెకానిక్‌కు వదిలేయండి.

రెండోది గాలి. గాలి లేని టైరు మీద మనం చేయబోయే పని చేస్తే రిమ్ము అంచు నేలకు తగిలి వంగుతుంది. కాబట్టి ముందు గాలి నింపాలి. టైరు పక్కగోడ చూడండి. గాలి లేకుండా నెలల తరబడి నలిగినచోట పగులు గానీ, దారాలు బయటపడటం గానీ, ఉబ్బు గానీ ఉంటే నింపొద్దు, నేరుగా మెకానిక్‌ను పిలవండి. బాగుంటే చిన్న ఎలక్ట్రిక్ పంపుతో 30 పీఎస్‌ఐ దాకా ఎక్కించండి. ఎక్కేటప్పుడు టైరుకు ఎదురుగా కూర్చోకుండా పక్కకు నిలబడండి. గంటసేపు గాలి నిలిస్తే మన పనికి చాలు. అన్నట్టు, ట్యూబ్‌లెస్ టైరైతే మేకు కనిపించేచోట చక్రం తీయకుండానే స్ట్రిప్ వేయొచ్చు. ఆ దారిలో ఇవాళ్టికి బయటపడొచ్చు. కానీ పట్టేసిన చక్రాన్ని అలాగే వదిలేస్తే అది రేపు రాత్రి అవుటర్ రింగ్ రోడ్డు మీద పంక్చర్ అయినప్పుడు గుర్తుకొస్తుంది.

ఇప్పుడు చెప్పబోయేది పోయిన ఏడాది మల్కాజ్‌గిరిలో మా బావమరిది కారుకు చేసిన పని. కథ మీదిలాంటిదే. వెనక కుడి చక్రం, డ్రమ్ బ్రేకు, ఏడు నెలలు కదలని కారు. శనివారం సాయంత్రం మొదలుపెట్టి ఆదివారం పొద్దున పదింటికి తీశాం. అందులో మేం ఒళ్లు వంచింది మొత్తం గంటన్నర ఉండదు. మిగతాదంతా తుప్పు వదిలించే మందు నానడానికి ఇచ్చిన టైమే.

శనివారం సాయంత్రం మొదట మధ్యలోని ప్లాస్టిక్ మూత తీశాం. స్క్రూడ్రైవర్ కొనకు గుడ్డ చుట్టి, అంచు కింద పెట్టి మెల్లగా ఎత్తితే వస్తుంది. కొన్ని రిమ్ములకు ఆ మూత వెనక నుంచే ఊడుతుంది. ముందు నుంచి రాకపోతే బలవంతం చేయొద్దు, స్టడ్ల దారిలోనే మందు పోయండి. మూత ఊడాక మధ్యలో చిన్న రేకు గిన్నెలాంటిది కనిపించింది. బావమరిది దాన్ని పొడవబోయాడు. అది బేరింగ్ గ్రీజు మూత, దాన్ని ముట్టుకోకూడదు. దాని చుట్టూ ఇనుప గాజు, ఆ గాజు చుట్టూ అల్యూమినియం. ఈ రెండూ కలిసేచోట టార్చి వేస్తే వెంట్రుకంత గీత కనపడాలి. మాకు గీత కనపడలేదు. ఎర్ర తుప్పు, తెల్ల పొడి కలిసి సున్నం పూసినట్టు మూసేశాయి. ఇలా కనిపిస్తే రోగం ఇక్కడే అని నిర్ధారణ.

పాత టూత్‌బ్రష్‌తో ఆ పొడి రాల్చి, తుప్పు వదిలించే స్ప్రేకు సన్న గొట్టం తగిలించి ఆ గీత పై భాగంలో కొట్టాం. మందు కిందికి దానంతట అదే గాజు చుట్టూ పాకుతుంది, కాబట్టి పైన కొడితే చాలు. హార్డ్‌వేర్ షాపులో ఏ తుప్పు స్ప్రే అయినా సరే. మామూలు నూనె మాత్రం ఈ సందులోకి పోదు. పావుగంటకోసారి చొప్పున నాలుగుసార్లు, ఒక్కోసారి రెండు సెకన్లు. అంతకంటే ఎక్కువ వద్దు. అదనంగా కొట్టింది స్టడ్ల వెంట డ్రమ్ లోపలికి పోతే లైనర్లు తడిసి ఆ చక్రానికి బ్రేకు పడదు. ముందు చక్రమైతే డిస్క్‌ను పాలిథిన్ కవరుతో కప్పి కొట్టాలి. అసిటోన్ కలిపిన నాటు మందులు మూసి ఉన్న సెల్లార్‌లో మంచివి కావు. మంటంటుకునే ఆవిరి నేల మీదే పరుచుకుంటుంది.

రాత్రంతా నానబెట్టాం. పొద్దున్నే ఇంకో విడత కొట్టబోయే ముందు ఒక కెటిల్ నీళ్లు సలసలా మరిగించి తెచ్చి, రిమ్ము మధ్యభాగం మీద సన్నటి ధారగా పోశాం. మా అత్తగారు కిటికీలోంచి చూసి "చక్రానికి టీ పెడుతున్నారా" అన్నారు. కానీ దీనికి లెక్క ఉంది. వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెట్టింపు పెరుగుతుంది. 54 మిల్లీమీటర్ల బెజ్జం ఒక 50 డిగ్రీలు వేడెక్కితే, హబ్ కూడా అంతే వేడెక్కిందనుకున్నా, రెండింటి మధ్య తేడా మిల్లీమీటరులో నూరింట మూడు వంతులు వస్తుంది. హబ్ ఇంకా చల్లగా ఉండగా రిమ్ము ముందు వేడెక్కితే దానికి రెట్టింపు. వెంట్రుక మందంలో సగమో, కొంచెం ఎక్కువో. చక్రం ఊడటానికి అది చాలదు, కానీ తుప్పు పెంకు చిట్లి మందు లోపలికి దిగడానికి చాలు. నీళ్లు ఆరాక వెంటనే మందు కొట్టాలి.

నీళ్ల బదులు గ్యాస్ టార్చి పెడదామని ఎవరైనా అంటే దండం పెట్టి పంపించేయండి. అలాయ్ రిమ్ముకు బలం వచ్చేది కార్ఖానాలో చేసిన హీట్ ట్రీట్‌మెంట్ వల్ల. అందులో చివరి దశ చాలా రిమ్ములకు రెండువందల డిగ్రీల లోపే ఉంటుంది. టార్చి మంట ఆ బలాన్ని తీసేస్తుంది, పైకి ఏమీ కనపడదు. దానికితోడు బేరింగ్ గ్రీజు కరుగుతుంది, సీలు మాడుతుంది, గాలి నిండిన టైరు పేలే ప్రమాదం ఉంది. తుప్పు స్ప్రే తడి ఉన్నచోట మంట పెట్టడం గురించి వేరే చెప్పక్కర్లేదు.

అసలు పని ఇప్పుడు. కారు నాలుగు చక్రాల మీదా నేల మీద ఉంది. నాలుగు నట్లూ బిగించి ఉన్న స్థితి నుంచి ఒక్కొక్కటి రెండు చుట్లు మాత్రం వదులు చేశాం. చాలా కార్లలో ఒక చుట్టుకు నట్టు మిల్లీమీటరున్నర లోపే జరుగుతుంది. అంటే రెండు చుట్లకు రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్ల సందు. చక్రం వదిలితే అంతవరకే జరుగుతుంది, ఊడి పడదు. స్టడ్ మీద నట్టుకు ఇంకా కావలసినంత మర పట్టు ఉంటుంది. దొంగలు తీయకుండా వేసే లాక్ నట్టు ఉంటే దాన్ని కూడా ఇంతే వదులు చేయాలి. అదొక్కటి మరిచిపోయి రెండు గంటలు కుస్తీ పట్టినవాళ్లు నాకు తెలుసు.

మొదట కారును పక్కలకు ఊపాం. నేనూ బావమరిదీ వెనక తలుపు పై అంచు దగ్గర చేతులు పెట్టి, ఉయ్యాల లాగా లయ పట్టుకుని అటూ ఇటూ. ఈ ఊపులో కారు బరువు చక్రాన్ని హబ్ మీద వంచడానికి చూస్తుంది, తుప్పు పెంకు ఒక పక్క నుంచి విడుతుంది. ముందు చక్రాలకు చాలాసార్లు ఇంతటితోనే వదులుతుంది. మాకు వదల్లేదు.

తర్వాత దొర్లించడం. బావమరిది స్టీరింగ్ దగ్గర కూర్చున్నాడు. బ్యాటరీ చచ్చిపోయి ఉంది కాబట్టి నేనూ వాచ్‌మనూ వెనక నుంచి నెట్టాం. నడక వేగం వచ్చాక హ్యాండ్‌బ్రేక్ టక్కున లాగమన్నాను. కాలి బ్రేకు కాదు, హ్యాండ్‌బ్రేకే. ఎందుకంటే కాలి బ్రేకు బలమంతా ఎక్కువగా ముందు చక్రాలకు పోతుంది. మన తంటా వెనక చక్రంతో. పైగా ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు కాలి బ్రేకు రెండు మూడు తొక్కులకే రాయి అవుతుంది. హ్యాండ్‌బ్రేకు వెనక డ్రమ్ములను ఆపుతుంది, చక్రమేమో ముందుకు తిరగాలని చూస్తుంది, ఆ మెలికకు గాజు చుట్టూ ఉన్న తుప్పు తెగాలి. ముందు చక్రమైతే ఇదే పని కాలి బ్రేకుతో, ఇంజిన్ ఆన్ చేసి.

ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి. ఏమీ లేదు. "బావా, మందు ఇంకో రోజు నాననిద్దామా" అన్నాడు. ఇంకోసారి చూద్దామన్నాను. మూడోసారి వెనక్కి నెట్టి లాగినప్పుడు డిక్కీ కింద ఎక్కడో కొబ్బరికాయ కొట్టిన చప్పుడు. అక్కడితో ఆపేశాం. ఈ ఆపడం ముఖ్యం. చప్పుడు వచ్చాక ఇంకోసారి ఎందుకైనా మంచిదని నెడితే, వదులు చక్రం స్టడ్ల మీద కొట్టుకుని మరలు చెడతాయి, నట్టు కూర్చునే వాలు గుంట అరుగుతుంది. ఈ పద్ధతి సెల్లార్ లోపల ఒకటి రెండు మీటర్లకే. వదులు నట్లతో గేటు దాటి వీధిలోకి వెళ్లొద్దు, సెల్లార్ ర్యాంప్ ఎక్కొద్దు.

నట్లు వేళ్లతో తిప్పి చూస్తే మూడు వదులుగానే ఉన్నాయి, ఒకటి మాత్రం చక్రం ముందుకొచ్చి నొక్కడంతో బిగుసుకుంది. అంటే చక్రం నిజంగా జరిగింది. అప్పుడు నట్లు చేతి బిగువు దాకా తెచ్చి, జాకీ ఎక్కించి, పక్కన జాక్ స్టాండ్ పెట్టి, అప్పుడే నట్లు తీశాం. చక్రం రెండు చేతులతో లాగితే వచ్చేసింది. బెజ్జం లోపల చూస్తే కింది సగంలో తెల్ల పొడి గోరు మందాన పేరుకుని ఉంది, పై సగం దాదాపు శుభ్రంగా ఉంది. కారు కదలకుండా ఉన్నన్నాళ్లూ నీళ్లు దిగి నిలిచింది కిందే కదా.

మీకు ఇలా మూడు నాలుగు సార్లు దొర్లించినా రాకపోతే మళ్లీ మందు, మళ్లీ వేడినీళ్లు, ఇంకో రాత్రి. దాని తర్వాతే దెబ్బ. దెబ్బ ఎక్కడ వేయాలన్నదే అసలు తగాదా. నేను పనిలో చేరిన కొత్తలో రెండు కిలోల సుత్తితో రిమ్ము వెనక అంచు మీద నాలుగు వేశాను. చక్రం వచ్చింది, నాకు భలే గర్వంగా అనిపించింది. వారానికి కస్టమరు తిరిగొచ్చి మూడు రోజులకోసారి గాలి దిగుతోందన్నాడు. సబ్బు నీళ్లు పూస్తే రిమ్ము లోపలి అంచు దగ్గర గోటిగీతంత పగులు నుంచి బుడగలు. పోత అల్యూమినియం ఇనుప రేకులా సొట్టపడి ఊరుకోదు, పగులుతుంది. ఆ రిమ్ము డబ్బులు నా జీతంలోంచి పోయాయి.

కాబట్టి కొడితే రబ్బరు మీద కొట్టాలి, అదీ లోపలి వైపు నుంచి. కారును జాకీ మీద కాకుండా స్టాండ్ మీద నిలబెట్టి, నట్లు రెండు చుట్లు వదులుగా ఉంచి, ఆరేడు అడుగుల చెక్క దుంగ తీసుకోండి. దుంగ ఒక కొన టైరు లోపలి పక్కగోడకు ఆనాలి. ఇంకో కొన, కారు కిందుగా వచ్చి, ఎదురు వైపు బయటికి రావాలి. ఆ బయటి కొన మీద సుత్తితో కొట్టాలి. ఇలా చేస్తే కొట్టేవాడి తల, చేతులు ఏవీ కారు కింద ఉండవు. రెండు మూడు దెబ్బలకొకసారి చక్రాన్ని పావు వంతు తిప్పి మళ్లీ వేయాలి, ఒకే వైపు కొడితే చక్రం వాలి ఇంకా బిగుస్తుంది. దుంగ దారిలో బ్రేకు పైపు, ఏబీఎస్ తీగ లేకుండా చూసుకోండి. ఇద్దరు మనుషులు కావాలి, ఒకరు దుంగను సరిగ్గా ఆనించాలి, అదీ బయట నుంచే, పొడవాటి కర్రతో.

ఎన్ని దెబ్బలు అనడిగితే పదిహేను ఇరవై దాటొద్దంటాను. ప్రతి దెబ్బా చివరికి బేరింగ్ గుండ్ల మీదే పడుతుంది. గుండ్లు తిరిగే దారిలో చిన్న గుంటలు పడతాయి. ఆ రోజు ఏమీ తెలియదు. నెల తర్వాత నలభై యాభై స్పీడులో తుమ్మెద లాగా ఝుమ్మని మోత వస్తుంది. మలుపులో బరువు ఒక పక్కకు వాలినప్పుడు ఆ మోత పెరగడమో తగ్గడమో జరిగితే అది బేరింగే. అప్పుడు బేరింగు మార్చాల్సిందే.

అప్పటికీ రాకపోతే నట్లు పూర్తిగా బిగించి, ఫ్లాట్‌బెడ్ మీద లిఫ్ట్ ఉన్న వర్క్‌షాపుకు పంపండి. గాలి నిలిచే టైరైతే, లైనర్లు వదిలి ఉంటే, దగ్గరలోని షాపుకు మెల్లగా నడుపుకుంటూ కూడా వెళ్లొచ్చు. లిఫ్ట్ మీద చుట్టూ తిరిగి అన్ని వైపుల నుంచీ పట్టు దొరుకుతుంది, చక్రాన్ని లాగే పుల్లరు కూడా ఉంటుంది. వెళ్లేటప్పుడు రిమ్ము మీద ఇనుప సుత్తి తగలకూడదని ముందే చెప్పండి. నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.

చక్రం వచ్చాక శుభ్రం చేయడం అరగంట పని. హబ్ గాజు మీద, చక్రం ఆనే చదును ముఖం మీద ఇనుప వైర్ బ్రష్ వేయొచ్చు. రిమ్ము బెజ్జంలో మాత్రం 180 నంబరు ఎమరీ కాగితంతో తెల్ల పొడి పోయేదాకా చేత్తోనే రుద్దాలి. గ్రైండర్ పెడితే బెజ్జం పెద్దదై చక్రం మధ్యలో కూర్చోదు, స్టీరింగ్ వణుకుతుంది. చదును ముఖం మీద ఒక్క తుప్పు పెచ్చు కూడా మిగలకూడదు. అది రెండింటి మధ్య ఇరుక్కుంటే ఇవాళ నట్టు బిగిసినట్టే ఉంటుంది, దారిలో పెచ్చు నలిగి నట్టు వదులవుతుంది. డ్రమ్ మీద మందు చారలు కనిపిస్తే డ్రమ్ తీయించి బ్రేక్ క్లీనర్‌తో కడిగించండి.

ఆ తర్వాత హబ్ గాజు మీద మాత్రమే, మళ్లీ పట్టేయకుండా ఉంచే యాంటీ సీజ్ పేస్టు పలచగా పూయండి. వేలికి అంటినంత, లోహం రంగు ఇంకా కనపడేంత. రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో అడిగితే అల్యూమినియం రకమో సిరామిక్ రకమో దొరుకుతుంది. రాగి రకం చాలామంది వాడతారు గానీ అల్యూమినియం పక్కన రాగి నాకు ఇష్టం లేదు, మళ్లీ అదే బ్యాటరీ కథ. ఏదీ దొరక్కపోతే బేరింగ్ గ్రీజు చిటికెడు నయం. స్టడ్ మరలకూ, నట్టు కూర్చునే వాలుకూ మాత్రం ఏదీ రాయొద్దు. అక్కడ జారుడు పెరిగితే బిగువు కొలిచే టార్క్ రెంచి చూపించే అంకె అదే అయినా స్టడ్ అసలు కంటే ఎక్కువ సాగుతుంది.

నట్లు చేత్తో ఎక్కించి, ఎదురెదురుగా బిగించాలి. చిన్న కార్లకు ఈ బిగింపు మామూలుగా 85 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ కారుకు ఎంతో మాన్యువల్‌లో చూడండి. టార్క్ రెంచి లేకపోతే ఒక అంచనా: 100 న్యూటన్ మీటర్లంటే అడుగు పొడవు స్పానర్ కొసన దాదాపు 34 కిలోల బరువు వేలాడదీసినంత. స్పానర్ మీద ఎక్కి నిలబడితే రెట్టింపు దాటిపోతుంది. పంక్చర్ షాపులో గన్‌తో బిగిస్తామంటే చివరి బిగింపు చేతి స్పానర్‌తోనే అనండి.

మీ కారు మిగతా మూడు చక్రాలూ అదే సెల్లార్‌లో అదే నీళ్లు తాగాయి. చేతులు ఎలాగూ నల్లబడ్డాయి కాబట్టి అదే రోజు వాటినీ ఒక్కొక్కటిగా వదిలించి చూడండి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక నాలుగు చక్రాల నట్లూ ఇంకోసారి స్పానర్ పెట్టి చూడండి. మా బావమరిది కారుకు ఉప్పల్ దాకా వెళ్లొచ్చాక ఒక నట్టు పావు చుట్టు తీసుకుంది.